ఫ్రీలాన్స్ అనువాదకుల రెజ్యూమె: పాత ఇన్వాయిస్‌లతో మొదలుపెట్టండి

రెజ్యూమె రాయాలనుకోగానే చాలామంది ఒక టెంప్లేట్ డౌన్‌లోడ్ చేసుకుని, పైన పేరు కొట్టి, కింద "కష్టపడే తత్వం, గడువుకు కట్టుబడే అలవాటు" అని మొదలుపెడతారు. ఆ ఫైల్‌ని కాసేపు మూసేయండి. మీ పాత ఇన్వాయిస్‌లు, ఏజెన్సీల నుంచి వచ్చిన వర్క్ ఆర్డర్లు ఉన్న ఫోల్డర్ తెరవండి. అనువాదకుల రెజ్యూమెలో నిజంగా పనికొచ్చే సమాచారమంతా అక్కడే ఉంటుంది.

ఎందుకు ఇలా చెబుతున్నానంటే, నేను కొన్నేళ్ళు ఒక ఏజెన్సీ కోసం తెలుగు అనువాదకులను ఎంపిక చేసే పని చూశాను. రెజ్యూమె తెరిచినప్పుడు నా ముందు ఒక ఫైల్ ఉండేది, దానికి ఒక గడువు ఉండేది. నాకు కావాల్సిందల్లా ఈ ఫైల్ ఈ మనిషికి ఇవ్వొచ్చా లేదా అన్నది తేల్చుకోవడమే. ఏ భాష నుంచి ఏ భాషకి చేస్తారు, ఇలాంటి పత్రాలు ఇంతకుముందు చేశారా, చేస్తే ఎంత చేశారు, ఏ టూల్‌లో చేస్తారు. ఈ నాలుగూ మొదటి సగం పేజీలో దొరక్కపోతే తర్వాతి రెజ్యూమెకి వెళ్ళిపోయేవాళ్ళం. మీ మీద కోపమేం లేదు, టైమ్ ఉండేది కాదు, అంతే.

ముందు ఒక షీట్ తయారు చేసుకోండి

ఎక్సెల్ అయినా గూగుల్ షీట్ అయినా ఫర్వాలేదు. ఒక్కో పనికి ఒక్కో వరుస: నెల, సంవత్సరం, క్లయింట్ (ఇది మీ కోసమే, రెజ్యూమెలోకి వెళ్ళదు), ఏ భాష నుంచి ఏ భాషకి, విషయం, పత్రం రకం, పని రకం, పదాల సంఖ్య, వాడిన టూల్. పని రకం అంటే మీరు మొదటి నుంచి అనువాదం చేశారా, ఇంకొకరి అనువాదాన్ని రివ్యూ చేశారా, మెషిన్ అనువాదాన్ని దిద్దారా అన్నది. ఈ మూడింటినీ కలిపేయకండి. లక్ష పదాలు అనువదించడం, లక్ష పదాలు దిద్దడం ఒకటి కావు. ఏజెన్సీ వాళ్ళకి ఆ తేడా బాగా తెలుసు కాబట్టి, విడిగా చూపించని లెక్కను వాళ్ళు నమ్మరు.

పదాల సంఖ్య దగ్గర రెండు చోట్ల తప్పు జరుగుతుంది. రెండూ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే రెజ్యూమె మొత్తం ఈ లెక్క మీదే నిలబడుతుంది.

మొదటిది, ఏ భాష పదాలు లెక్కపెట్టాలి అన్నది. ఇంగ్లీష్ నుంచి తెలుగుకి చేసినప్పుడు తెలుగు ఫైల్ తెరిచి వర్డ్‌లో కనిపించే సంఖ్యను రాసుకునేవాళ్ళు ఉన్నారు. అలా చేస్తే మీ పనిని మీరే తగ్గించి చూపించుకున్నట్టు. "షి మే నాట్ బి ఏబుల్ టు కమ్" అన్నది ఏడు పదాలు. తెలుగులో "ఆమె రాలేకపోవచ్చు", రెండే పదాలు. మన భాషలో విభక్తి, కాలం, వ్యతిరేకం అన్నీ ఒకే పదానికి అతుక్కుంటాయి కాబట్టి తెలుగు లెక్క మామూలుగా తక్కువే వస్తుంది. అందుకే మూల భాష పదాలనే లెక్కపెట్టండి, రెజ్యూమెలో కూడా "మూల పదాలు" అని స్పష్టంగా రాయండి. తెలుగు నుంచి ఇంగ్లీష్‌కి చేసిన పనికి మూలం తెలుగే కదా, ఆ లెక్కను విడిగా ఉంచండి. రెండు రకాల పదాల్నీ కూడితే వచ్చే సంఖ్యకి అర్థం ఉండదు.

రెండోది, క్యాట్ టూల్ ఇచ్చే అనాలిసిస్. క్యాట్ టూల్ అంటే పాత అనువాదాలను మెమరీలో దాచుకుని, అలాంటి వాక్యం మళ్ళీ వస్తే చూపించే సాఫ్ట్‌వేర్. ఒక 10,000 పదాల ఫైల్ వచ్చిందనుకోండి. అందులో 2,000 పదాలు ఫైల్‌లోనే మళ్ళీ మళ్ళీ వచ్చిన వాక్యాలవి, 1,000 పాత మెమరీలో యథాతథంగా ఉన్నవి, 2,000 కొంచెం మార్పుతో దొరికేవి, మిగతా 5,000 పూర్తిగా కొత్తవి. రిపీట్ అయినవాటికీ యథాతథంగా ఉన్నవాటికీ 10 శాతం, కొంచెం మారినవాటికి 50 శాతం చొప్పున కట్టారనుకుంటే (ఈ శాతాలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి) ఇన్వాయిస్‌లో పడేది 200, 100, 1,000, 5,000 కలిపి 6,300 పదాలు. మరి మీరు చేసింది పదివేలా, ఆరువేల మూడొందలా? నేనైతే 6,300 రాయమంటాను. ఎవరైనా ఆధారం అడిగితే ఇన్వాయిస్ చూపించగలరు, పైగా మీ చేతి మీదుగా నిజంగా నడిచిన పనికి దగ్గరగా ఉండే సంఖ్య కూడా అదే. ఏది ఎంచుకున్నా షీట్ మొత్తానికీ ఒకే పద్ధతి పాటించండి. ఒక చోట పూర్తి లెక్క, ఇంకోచోట తగ్గించిన లెక్క వద్దు.

ఒక అసలు రెజ్యూమె మారిన తీరు

నా స్నేహితురాలు ఒకావిడ మూడేళ్ళుగా ఫ్రీలాన్స్ చేస్తోంది. అంతకుముందు ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్. ఏజెన్సీలకి మెయిల్స్ పంపితే జవాబే రావట్లేదని తన రెజ్యూమె నాకు పంపింది. పైన "ఇంగ్లీష్, తెలుగు, హిందీ అనువాదకురాలు" అని ఉంది. కింద విషయాలు: వైద్యం, న్యాయం, ఐటీ, ఫైనాన్స్, మార్కెటింగ్, సాహిత్యం, విద్య, వ్యవసాయం, ఇంకా చాలా. "10 లక్షల పదాలకు పైగా అనుభవం" అని ఒక లైను. టూల్స్ దగ్గర ఎంఎస్ వర్డ్, ఇంటర్నెట్, ట్రాడోస్.

ఇద్దరం ఒక ఆదివారం కూర్చుని ఇన్వాయిస్‌లన్నీ షీట్‌లోకి ఎక్కించాం. మొత్తం 6,12,700 ఇంగ్లీష్ మూల పదాలు వచ్చాయి. అందులో అనువాదం 3,90,000, మెషిన్ అనువాదం దిద్దినవి 1,41,200, రివ్యూ 81,500. పది లక్షలు ఎక్కడ్నుంచి వచ్చాయని అడిగితే అందాజుగా రాసిందట. అందాజు మీద నమ్మకం పెట్టుకోకండి, ఎవరి అందాజైనా ఇలాగే పైకి పోతుంది.

ఇంకా లోపలికి వెళ్తే అసలు సంగతి కనిపించింది. అనువాదం చేసిన 3,90,000లో 2,13,400 క్లినికల్ ట్రయల్స్ పత్రాలే. అంటే ట్రయల్‌లో చేరే రోగి చదివి సంతకం పెట్టే సమ్మతి పత్రాలు, ఇంట్లో రోజూ నింపే డైరీలు, ప్రశ్నావళులు. మొబైల్ యాప్‌ల స్క్రీన్ల మీది మాటలు, వాటి హెల్ప్ పేజీలు 94,700. ఉద్యోగుల ట్రైనింగ్ పాఠాలు 58,300. మిగతా 23,600 మాత్రమే చిల్లరమల్లర, అందులో న్యాయ పత్రాలు రెండంటే రెండు. రివ్యూ చేసింది కూడా దాదాపు అంతా ఆ వైద్య పత్రాలే. ఇవి కాక బ్యాక్ ట్రాన్స్‌లేషన్ కింద తెలుగు నుంచి ఇంగ్లీష్‌కి 24,000 తెలుగు పదాలు.

ఇంత చక్కగా ఒక రంగంలో నిలబడిన మనిషి, రెజ్యూమెలో పది రంగాల జాబితా మధ్య "వైద్యం" అన్న ఒక్క మాటతో సరిపెట్టేసింది.

భాషా జంట రాసేటప్పుడు దిశ చెప్పండి

"ఇంగ్లీష్, తెలుగు, హిందీ" అంటే మీకు మూడు భాషలు వచ్చని తెలుస్తుంది గానీ దేని నుంచి దేనికి చేస్తారో తెలియదు. ఒక్కో దిశను ఒక్కో లైనులో రాయండి, పక్కనే అది మీ ప్రధానమైన పనా కాదా అన్నది కూడా. మామూలుగా ఏజెన్సీలు అనువాదకుల మాతృభాషలోకే పని ఇస్తాయి, కాబట్టి మాతృభాష ఏదో కూడా ఆ పక్కనే ఉండాలి. రెండు వైపులా బాణం గుర్తు పెట్టి వదిలేస్తే "రెండూ ఒకేలా చేస్తాను" అన్న అర్థం వస్తుంది. అది నిజమైతే పెట్టండి, లేకపోతే వద్దు.

ఆవిడ విషయంలో హిందీ తీసేశాం. మూడేళ్ళలో హిందీ నుంచి ఒక్క పని కూడా చేయలేదు, ఏజెన్సీ వాళ్ళు హిందీ టెస్ట్ పంపితే తడబడుతుంది కూడా. మిగిలినవి ఇలా రాశాం:

- ఇంగ్లీష్ నుంచి తెలుగు (మాతృభాష): అనువాదం, రివ్యూ, మెషిన్ అనువాద సవరణ
- తెలుగు నుంచి ఇంగ్లీష్: క్లినికల్ ప్రశ్నావళుల బ్యాక్ ట్రాన్స్‌లేషన్ మాత్రమే

ఆ "మాత్రమే" అన్న మాట చూసి ఆవిడ జంకింది, పని తగ్గిపోతుందేమో అని. కానీ బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అన్నది వేరే నైపుణ్యం. మూలం చూడకుండా, తెలుగులో ఏముందో అదే ఇంగ్లీష్‌లోకి తేవాలి, తెలుగు వాక్యం తేడాగా ఉంటే ఆ తేడా కనిపించేలా ఉంచాలి, అందంగా సర్దకూడదు. అది చేసినవాళ్ళు కావాలనుకునే కంపెనీకి ఈ లైను చాలా విలువైనది. (రెజ్యూమె అసలు ఇంగ్లీష్‌లోనే రాశాం, పంపేది ఇంగ్లీష్‌లో చదివే వాళ్ళకి కాబట్టి. ఇక్కడ అర్థం కోసం తెలుగులో పెడుతున్నాను.)

విషయం పక్కన పత్రం పేరు, దాని పక్కన పదాలు

"వైద్యం" చాలా పెద్ద మాట. రోగి చదివే సమ్మతి పత్రంలో తేలిక మాటలు కావాలి. డాక్టర్లు చదివే ట్రయల్ ప్రొటోకాల్‌లో పరిభాష కావాలి. వైద్య పరికరం మాన్యువల్‌లో హెచ్చరికలు ఒకే తీరులో ఉండాలి. మీరు వీటిలో ఏది చేశారో చెప్పకపోతే చదివేవాళ్ళు ఊహించుకోవాల్సి వస్తుంది. అందుకే ప్రతి విషయం కింద పత్రాల రకాలు, తర్వాత పదాల సంఖ్య, ఏ సంవత్సరం నుంచి చేస్తున్నారో రాయండి. ఆవిడ రెజ్యూమెలో చివరికి మిగిలింది మూడు రంగాలు:

- క్లినికల్ ట్రయల్స్: సమ్మతి పత్రాలు, రోగి డైరీలు, ప్రశ్నావళులు. అనువాదం 210,000 మూల పదాలు, రివ్యూ 80,000
- మొబైల్ యాప్‌లు: స్క్రీన్ టెక్స్ట్, హెల్ప్ పేజీలు. అనువాదం 94,000
- ఉద్యోగుల ట్రైనింగ్ పాఠాలు: అనువాదం 58,000

మెషిన్ అనువాదం దిద్దిన 141,000 పదాలు ఎక్కువగా ఆన్‌లైన్ షాపుల వస్తు వివరణలు, దానికి విడిగా ఒక లైను. న్యాయం, ఫైనాన్స్, సాహిత్యం అన్నీ కొట్టేశాం. రెండు పత్రాలు చేసినంత మాత్రాన అది మీ రంగం కాదు. ఎవరైనా నిజంగానే ఒక ఒప్పందం పంపితే పరువు పోయేది మీదే.

ఇక్కడ రెండు చిన్న సంగతులు. సంఖ్యల్ని కిందికి సర్దండి, 2,13,400ని 210,000 చేశాం, పైకి కాదు. ఇంకోటి, వేరే దేశాల వాళ్ళకి పంపేటప్పుడు కామాలు మనలా లక్షల దగ్గర కాకుండా వేల దగ్గర పెట్టండి. "2,10,000" చూస్తే వాళ్ళకి అది టైపింగ్ తప్పులా కనిపిస్తుంది, లెక్కల లైనులో తప్పు ఉన్నట్టు అనిపించడం మంచిది కాదు.

కొత్తగా మొదలుపెట్టి, పదాలు తక్కువ ఉంటే? ఉన్నదే రాయండి. ఒకే రకం పత్రాలు 15,000 పదాలు చేశానన్నది, ఏమీ చెప్పని "విస్తృత అనుభవం" కన్నా ఎంతో నయం. పాత ఉద్యోగం కూడా ఇక్కడే పనికొస్తుంది. ఆవిడ ల్యాబ్ ఉద్యోగాన్ని "సంబంధం లేదు" అని రెజ్యూమెలో చివర్న పడేసింది. దాన్ని తీసుకొచ్చి క్లినికల్ ట్రయల్స్ కిందే పెట్టాం. రక్త పరీక్షల పేర్లు, శాంపిల్ తీసే పద్ధతి చేత్తో చేసి తెలిసిన అనువాదకులు ఎంతమంది ఉంటారు!

మీ లెక్క మీకే అడ్డం తిరగకుండా చూసుకోండి

రోజుకి ఎన్ని పదాలు చేయగలరో కూడా రెజ్యూమెలో ఉండాలి. జాగ్రత్తగా చేసే అనువాదకులకి కొత్త పదాలు రోజుకి 2,000 నుంచి 2,500 అన్నది రంగంలో మామూలుగా చెప్పుకునే లెక్క. చదివేవాళ్ళు వెంటనే గుణించుకుంటారు. రోజుకి 2,500 చొప్పున ఏడాదికి 250 రోజులు పనిచేస్తే 6,25,000. కాబట్టి "రెండేళ్ళ అనుభవం, 50 లక్షల పదాలు" అని రాసిన రెజ్యూమె చూడగానే అది అబద్ధమో, లేక మెషిన్ అనువాదాన్ని సరిగా చూడకుండా పంపేసిన పనో అని అర్థమైపోతుంది. మీ మొత్తం పదాల్ని పనిచేసిన సంవత్సరాలతో భాగించి, వచ్చిన సంఖ్య మీరు చెప్పిన రోజువారీ సామర్థ్యంతో కలుస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. ఆవిడకి ఏడాదికి రెండు లక్షల చిల్లర వచ్చింది, మొదట్లో పని తక్కువగా ఉండేది కాబట్టి సరిపోయింది.

తేదీలు కూడా నెలతో సహా రాయండి. దీనికి ఒక కారణం ఉంది. ఐఎస్ఓ 17100 అనే అనువాద సేవల ప్రమాణం పాటించే ఏజెన్సీలు అనువాదకుల అర్హతకి ఆధారం చూపించాలి. దానికి మూడు దారులున్నాయి: అనువాదంలో డిగ్రీ, లేదా వేరే ఏదైనా డిగ్రీతో పాటు రెండేళ్ళ పూర్తికాలం అనువాద అనుభవం, లేదా డిగ్రీతో పనిలేకుండా ఐదేళ్ళ పూర్తికాలం అనుభవం. మీ రెజ్యూమె చదివినవాళ్ళు మీరు వీటిలో దేని కిందికి వస్తారో వెతుక్కోకుండా చూడగలగాలి. "2021 నుంచి" అంటే జనవరా డిసెంబరా తెలియదు, దానికోసం ఇంకో మెయిల్, ఇంకో రోజు.

టూల్స్: పేరు కాదు, మీరు దాంతో ఏం చేయగలరు

వర్డ్, ఇంటర్నెట్ తీసేయండి, అవి అందరికీ వచ్చు. క్యాట్ టూల్ పేరు రాసినప్పుడు పక్కన మూడు విషయాలుండాలి: వెర్షన్, మీ సొంత లైసెన్సా లేక క్లయింట్ సర్వర్ మీద పనిచేశారా, ఎంత వాడారు. ట్రాడోస్ వచ్చని రాసిన ఒకరికి ఒకసారి ప్యాకేజీ పంపాం, అంటే `.sdlppx` ఫైల్. తిరిగి రావాల్సింది `.sdlrpx`. వచ్చింది ఒక వర్డ్ ఫైల్. అనువాదం బాగానే ఉంది, కానీ మెమరీలోకి ఏమీ ఎక్కలేదు, మా వాళ్ళు ఒక పూటంతా కూర్చుని వాక్యాలు జతచేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయనకి మళ్ళీ పని వెళ్ళలేదు.

ఆవిడని అడిగితే ట్రాడోస్ ట్రయల్ వెర్షన్ ఎప్పుడో తెరిచి చూసిందట, నిజంగా రోజూ వాడేది మెమోక్యూ, క్లయింట్ సర్వర్ మీద. కాబట్టి ట్రాడోస్ తీసేసి ఇలా రాశాం: మెమోక్యూ, క్లయింట్ లైసెన్స్‌తో రెండున్నరేళ్ళు, మెమరీ, టర్మ్ బేస్, క్యూఏ రిపోర్ట్ అన్నీ వాడతాను; ఒమెగాటీ, సొంత కంప్యూటర్‌లో. ఒమెగాటీ ఉచితంగా దొరుకుతుంది, టీఎంఎక్స్ మెమరీలు తీసుకుంటుంది, ఇస్తుంది. డబ్బు పెట్టి టూల్ కొనలేనివాళ్ళు ముందు దాంట్లో నాలుగైదు ఫైళ్ళు పూర్తిచేసి అప్పుడు రెజ్యూమెలో పెట్టుకోవచ్చు.

తెలుగు వాళ్ళకి ఇంకో లైను అవసరం. యూనికోడ్‌లో టైప్ చేస్తారని, ఏ కీబోర్డుతో చేస్తారని రాయండి. పాత నాన్-యూనికోడ్ ఫాంట్లలో టైప్ చేసిన ఫైల్ క్యాట్ టూల్‌లో చెత్త అక్షరాలుగా కనిపిస్తుంది కాబట్టి ఈ అనుమానం ఏజెన్సీలకి ఎప్పుడూ ఉంటుంది. ఆ పాత ఫాంట్ల ఫైళ్ళని యూనికోడ్‌కి మార్చి, ఒత్తులు గుణింతాలు సరిచూడటం మీకు వస్తే అదీ రాయండి, అది వచ్చినవాళ్ళు తక్కువ.

పంపే ముందు

క్లయింట్ల పేర్లు రాయకండి, వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటారు, దాన్ని రెజ్యూమెలోనే ఉల్లంఘిస్తే చదివేవాళ్ళు "రేపు మా పేరూ ఇలాగే బయటపెడతారు" అనుకుంటారు. "ఒక క్లినికల్ రీసెర్చ్ సంస్థ కోసం, ఏజెన్సీ ద్వారా" అంటే చాలు. శాంపిల్ కావాలంటే క్లయింట్ ఫైల్ లోంచి ముక్క తీసి పంపొద్దు. అందరికీ అందుబాటులో ఉన్న ఒక పత్రం తీసుకుని, మీ రంగానిదే, 250 పదాలు మీరే కొత్తగా అనువదించి మూలంతో పాటు పెట్టండి.

పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, గుర్తింపు కార్డు నంబర్, బ్యాంకు వివరాలు ఏవీ వద్దు. అనువాదకుల రెజ్యూమెలు దొంగిలించి, ఈమెయిల్ ఒక్కటి మార్చి, అదే పేరుతో పని తీసుకుని మెషిన్ అనువాదం పంపేసే ముఠాలున్నాయి. పూర్తిగా ఆపలేం గానీ, వర్డ్ ఫైల్ కాకుండా పీడీఎఫ్ పంపడం, రెజ్యూమెని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా నెట్‌లో పెట్టకపోవడం, అన్నిచోట్లా ఒకే ఈమెయిల్ వాడటం కొంత కాపాడుతుంది. మీ ప్రొఫైల్ పేజీలో ఉన్న ఈమెయిల్, రెజ్యూమెలోది ఒకటే అయితే ఏజెన్సీ వాళ్ళు పోల్చి చూసుకోగలరు.

రేటు రెజ్యూమెలో పెట్టకండి, అడిగితే మెయిల్‌లో చెప్పండి, ఎందుకంటే పని రకాన్ని బట్టి అది మారుతుంది, పాత పీడీఎఫ్ మాత్రం ఏళ్ళ తరబడి వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఫైల్ పేరు `Resume_final2.pdf` అని ఉంటే వాళ్ళ ఫోల్డర్‌లో వందల ఫైళ్ళ మధ్య మళ్ళీ దొరకదు. ముందు మీ పేరు, తర్వాత `EN-TE_Clinical_CV.pdf` అని పెట్టండి. ఆరు నెలల తర్వాత వాళ్ళకి క్లినికల్ ఫైల్ వచ్చి, ఫోల్డర్‌లో "EN-TE" అని వెతికినప్పుడు మీ రెజ్యూమె కనిపించాలి.